జూన్‌లో కట్టిన బీమా ఏ నెల ఖర్చు?

ప్రశ్న: భీమవరం దగ్గర మా కుటుంబం వాళ్లు ముగ్గురు సమాన వాటాలతో ఐస్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు. లెక్కలు నేను ట్యాలీలో రాస్తున్నాను. జూన్ 12న ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ కింద బ్యాంకువాళ్లు మా సీసీ ఖాతాలోంచి 86,140 రూపాయలు కోసుకున్నారు. అదంతా జూన్ ఖర్చులో రాశాను. దాంతో జూన్‌లో 41,000 నష్టం వచ్చింది. మూడు నెలలకోసారి లాభం పంచుకుంటారు కాబట్టి ఇప్పుడు గొడవ. పాలసీ ఏడాదికి కదా, జూన్ ఒక్క నెలకే ఎలా రాస్తావని మా బాబాయి గారు అడుగుతున్నారు. తుఫాన్ల కోసమే కడుతున్నాం కాబట్టి అక్టోబరు, నవంబరులో ఎక్కువ రాయమని కూడా అంటున్నారు. ఆడిటర్ గారు ఫోన్‌లో ‘ప్రీపెయిడ్‌లో పెట్టమ్మా’ అన్నారు. అది ఎలాగో, నెలనెలా ఏం రాయాలో చెప్పగలరా?

సమాధానం:

అమ్మా, మీ బాబాయి గారు అడిగినదాంట్లో మొదటి సగం పూర్తిగా నిజం. రెండో సగానికి తర్వాత వద్దాం.

జూన్ 12న డబ్బు పోయింది కానీ ఆ రోజుకి మీరు వాడుకున్నది ఏమీ లేదు. డబ్బుకు బదులుగా మీ చేతికి ఒక హక్కు వచ్చింది. పాలసీ కాలంలో ఏ రోజు ప్రమాదం జరిగినా నష్టాన్ని భరించమని కంపెనీని అడిగే హక్కు అది. ఇంకా వాడని హక్కు ఆస్తి. అందుకే ప్రీపెయిడ్ ఖాతా ఆస్తి–అప్పుల పట్టీలో ఆస్తుల వైపు ఉంటుంది. రోజు గడిచిన కొద్దీ ఆ రోజు రక్షణ వాడుకున్నట్టే. ఆ మేరకు ఆస్తి తరిగి ఖర్చుగా మారుతుంది. డబ్బు ఎప్పుడు కట్టామన్నది బ్యాంకు ఖాతాకు సంబంధించిన సంగతి. ఖర్చు ఎప్పుడన్నది పాలసీ తేదీలు చెబుతాయి. ఈ రెంటినీ విడదీసి చూస్తే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

ముందుగా పాలసీ కాగితం చేతిలోకి తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక వరుస చూసి రాయడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది. బ్యాంకువాళ్లు సీసీ ఖాతాలోంచి నేరుగా కోసుకున్నప్పుడు అసలు ప్రీమియం ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత, రక్షణ ఏ రోజు మొదలవుతుంది అన్నవి ఆ వరుసలో కనపడవు. కొన్నిచోట్ల దాన్ని బ్యాంకు ఛార్జీల్లో రాసేస్తారు కూడా. పాలసీ కాగితం మొదటి పేజీలో ఇవన్నీ ఉంటాయి. మీరు చెప్పిన మొత్తాన్ని 18 శాతం జీఎస్టీతో విడగొడితే ప్రీమియం 73,000, జీఎస్టీ 13,140 వస్తుంది. పాలసీ తేదీలు మీరు రాయలేదు. ఇక్కడ 2025 జూన్ 16 నుంచి 2026 జూన్ 15 వరకు అనుకుని లెక్క చూపిస్తాను. మీ కాగితంలో వేరే తేదీలుంటే రోజులు మార్చుకోండి, పద్ధతి మారదు.

జీఎస్టీ సంగతి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రీపెయిడ్‌లో ఎంత పెట్టాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. ఐస్ మీద మీరు జీఎస్టీ వసూలు చేసి కడుతున్నారనుకుంటున్నాను. అలాగైతే ఫ్యాక్టరీ భవనం, యంత్రాల బీమా మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అప్పుడు ఆ 13,140 ఖర్చు కానేకాదు. మీరు కట్టాల్సిన పన్నులో తగ్గి తిరిగొస్తుంది, పన్నెండు నెలలకు పంచాల్సిన పనీ లేదు. ప్రీపెయిడ్‌లోకి వెళ్లేది 73,000 మాత్రమే. అయితే ఆ బిల్లు మీ జీఎస్టీ నంబరుతో వచ్చి, మీకొచ్చే క్రెడిట్‌ను చూపించే `GSTR-2B` పట్టీలో కనపడాలి. బ్యాంకు ద్వారా తీసిన పాలసీల్లో ఫ్యాక్టరీ జీఎస్టీ నంబరు వేయకపోవడం తరచూ జరుగుతుంది. ముందు అది చూడండి. లేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి సరిచేయించండి. సరిచేయించడం కుదరకపోతే ఆ పన్ను కూడా మీ ఖర్చే. అప్పుడు మొత్తం 86,140 ప్రీపెయిడ్‌లో పెట్టి రోజుకు 236 చొప్పున తీయాలి. క్రెడిట్ వస్తే రోజుకు 200. నేను 200తోనే ముందుకు వెళ్తాను.

73,000ని 365 రోజులతో భాగిస్తే వచ్చిందే ఆ 200.

ఇప్పుడు ట్యాలీలో సర్దుబాటు. `Prepaid Insurance` అని ఒక లెడ్జర్ తెరిచి దాన్ని `Current Assets` గ్రూపు కింద పెట్టండి. కొందరు తెలియక ఖర్చుల గ్రూపు కింద పెడతారు. అప్పుడు పేరు ప్రీపెయిడ్ అయినా మొత్తం లాభనష్టాల ఖాతాలోకే వెళ్లిపోతుంది, చేసిన పనికి ఫలితం ఉండదు. ఇప్పటికే ఉన్న ఇన్సూరెన్స్ ఖర్చు లెడ్జర్‌ను అలాగే ఉంచండి.

జూన్ లెక్క ఇంకా వాటాదారులు ఒప్పుకుని మూసేయలేదు కాబట్టి జూన్ 12 వోచర్‌నే తెరిచి దిద్దండి. ఇన్సూరెన్స్ ఖర్చు అని ఉన్నచోట ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ 73,000 డెబిట్, ఇన్‌పుట్ జీఎస్టీ 13,140 డెబిట్, సీసీ ఖాతా 86,140 క్రెడిట్ అవుతుంది. బిల్లు మన రాష్ట్రం నుంచే వస్తే జీఎస్టీ 6,570 చొప్పున కేంద్రానికి, రాష్ట్రానికి రెండు ముక్కలుగా ఉంటుంది. వేరే రాష్ట్రపు ఆఫీసు నుంచి వస్తే ఐజీఎస్టీగా ఒకే ముక్క. బిల్లులో ఎలా ఉంటే అలాగే రాయండి. జూన్ రిటర్న్ ఇప్పటికే వేసేసి ఉంటే కంగారు పడకండి, క్రెడిట్‌ను తర్వాతి నెల రిటర్న్‌లో తీసుకోవచ్చు.

తర్వాత ప్రతి నెలాఖరున ఒకే ఒక జర్నల్. `F7` నొక్కి, ఇన్సూరెన్స్ ఖర్చు డెబిట్, ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ క్రెడిట్. జూన్‌లో రక్షణ ఉన్నది 16 నుంచి 30 దాకా, పదిహేను రోజులు. కాబట్టి జూన్ 30న 3,000. జూలైకి 31 రోజులు, 6,200. ఆగస్టు కూడా 6,200. సెప్టెంబరుకు 6,000, అక్టోబరుకు 6,200, నవంబరుకు 6,000, డిసెంబరు, జనవరికి 6,200 చొప్పున, ఫిబ్రవరికి 5,600, మార్చికి 6,200. ఇవన్నీ కూడితే మార్చి 31 నాటికి 289 రోజులకు 57,800 ఖర్చులోకి వెళ్లి ఉంటుంది. మిగిలిన 76 రోజుల 15,200 ప్రీపెయిడ్‌లో నిలిచి, ఆస్తిగానే కొత్త సంవత్సరంలోకి పోతుంది. 2026 ఏప్రిల్‌లో 6,000, మేలో 6,200, జూన్ 15 వరకు 3,000 తీసేస్తే ఖాతా సున్నా.

నెలకు సమానంగా 6,083 రూపాయల 33 పైసలు తీయకూడదా అంటే తీయవచ్చు. మొదటి నెల సగం, చివరి నెల సగం వేస్తే మార్చి ఆఖరున మిగిలేది 15,208 అవుతుంది. రోజుల లెక్కతో తేడా ఎనిమిది రూపాయలు. దాని కోసం ఎవరూ తగాదా పడరు. కానీ పాలసీ 27వ తేదీనో 4వ తేదీనో మొదలైతే ‘సగం నెల’ అన్నది కుదరదు, అప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తారు. రోజుల లెక్కలో ఆ సందేహమే రాదు. వాటాలు పంచుకునే చోట రోజుల లెక్కే పెట్టమంటాను. ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చకండి.

మొదటి నెల దగ్గర చాలామంది పొరపడేది తేదీలోనే. డబ్బు 12న పోయింది కాబట్టి 12 నుంచి రోజులు లెక్కపెడతారు. 12 నుంచి 15 దాకా నాలుగు రోజులు మీకున్నది పాత పాలసీ. కొత్తది ఇంకా మొదలవలేదు. ఆ నాలుగు రోజులూ 73,000 చెక్కుచెదరకుండా ప్రీపెయిడ్‌లోనే ఉంటుంది.

పాత పాలసీ అన్నాం కాబట్టి మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఇది చూడకుండా జూన్‌ను దిద్దితే సగమే బాగవుతుంది. నిరుడు జూన్‌లో కూడా ఇలాగే మొత్తం ఒక్కసారే ఖర్చు రాసి ఉంటారు కదా? అలాగైతే ఈ సంవత్సరం ఏప్రిల్, మే నెలల్లో, జూన్ మొదటి పదిహేను రోజుల్లో ఫ్యాక్టరీకి బీమా ఉంది కానీ లెక్కల్లో ఒక్క రూపాయి బీమా ఖర్చు లేదు. ఆ 76 రోజుల ఖర్చు నిరుటి లాభంలోంచే పోయింది. ఏప్రిల్, మే నెలలు ఉన్నదానికన్నా బాగా కనపడుతున్నాయన్నమాట.

నిరుటి ప్రీమియం జీఎస్టీ లేకుండా 69,350 అనుకోండి, రోజుకు 190. 76 రోజులకు 14,440. దీన్ని సరిచేయాలంటే పాత పాలసీకి విడిగా ఒక ప్రీపెయిడ్ లెడ్జర్ తెరిచి, ఏప్రిల్ 1 తేదీతో దాన్ని 14,440 డెబిట్ చేసి, ‘గత సంవత్సరాల సర్దుబాటు’ అని విడిగా ఒక లెడ్జర్‌కు క్రెడిట్ చేయండి. మూసేసిన నిరుటి పుస్తకాల జోలికి పోవద్దు. పాత తప్పు తాలూకు మొత్తాన్ని ఈ ఏటి లాభనష్టాల ఖాతాలోనే, మామూలు రాబడిలో కలపకుండా విడిగా కనపడేలా చూపించమని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 5 చెబుతుంది. తర్వాత ఏప్రిల్‌కు 5,700, మేకు 5,890, జూన్ 15 వరకు 2,850 ఖర్చులోకి తీయండి. త్రైమాసికం మొత్తం మీద చూస్తే 14,440 వచ్చింది, 14,440 పోయింది. కాబట్టి పంచుకునే డబ్బు దీనివల్ల మారదు. మారేది నెలల లెక్క. ఏప్రిల్, మే నెలలు మోయాల్సిన బరువు అవే మోస్తాయి. నిరుడు వాటాదారులు వేరే అయినా, వాటాలు వేరే నిష్పత్తిలో ఉన్నా మాత్రం ఆ 14,440 అప్పటివాళ్లకు అప్పటి వాటాల ప్రకారం చెందాలి. అలాంటిది ఉంటే ఎంట్రీ వేయకముందే ఆడిటర్ గారితో, ముగ్గురు వాటాదారులతో కూర్చుని ఒప్పుకోండి.

ఇప్పుడు జూన్ ఎలా ఉంటుందో చూడండి. మీరు చూపించిన 41,000 నష్టంలోంచి 86,140 తీసేస్తే 45,140 లాభం. అందులోంచి జూన్ అసలు బీమా ఖర్చు, పాత పాలసీ 2,850, కొత్త పాలసీ 3,000, రెండూ కలిపి 5,850 తీసేయండి. మిగిలేది 39,290 లాభం. జూన్‌లో ఐస్ అమ్మకం ఎలా ఉందో ఈ అంకె చెబుతుంది. ముందటి అంకె చెప్పింది బ్యాంకు ఏ రోజు డబ్బు కోసుకుందో.

అయితే లాభం వచ్చింది కదా అని ఆ 39,290 వెంటనే చేతుల్లో పెట్టకండి. ఇది మీ వాటాదారులకు గట్టిగా చెప్పాల్సిన మాట. లాభం తేలింది కానీ, జూన్ ఆఖరుకు 70,000 రూపాయలు ప్రీపెయిడ్‌లో ఇరుక్కుని ఉంది. ఆ డబ్బు సీసీ ఖాతాలోంచి ఎప్పుడో బయటికి వెళ్లిపోయింది. ప్రీపెయిడ్ ఆస్తే అయినా దానితో అమ్మోనియా కొనలేం, కరెంటు బిల్లు కట్టలేం. లెక్కల్లో లాభం చూసి పూర్తిగా పంచేస్తే సీసీ మరింత వాడాల్సి వస్తుంది, దాని మీద వడ్డీ పడుతుంది. జూన్‌కు పంచేటప్పుడు ఖాతాలో ఉన్న డబ్బును బట్టి పంచండి, మిగతాది వాళ్ల క్యాపిటల్ ఖాతాల్లో జమగా ఉంటుంది. జూలై నుంచి ఈ బాధ తిరగబడుతుంది. నెలకు ఆరు వేల ఖర్చు పడుతుంది కానీ డబ్బు బయటికి పోదు. ఆ ఆరు వేలూ నెలనెలా వేరే ఖాతాలో వేసుకుంటూ పోతే వచ్చే జూన్‌లో ప్రీమియానికి చాలావరకు డబ్బు సిద్ధంగా ఉంటుంది, మిగిలిన కొద్దికీ దానిపైన జీఎస్టీకీ మాత్రం చూసుకోవాలి.

ఇక మీ బాబాయి గారి రెండో మాట. మన డెల్టాలో బీమా అంటే అందరి మనసులోకి మొదట వచ్చేది తుఫానే, అందులో తప్పు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో గాలివాన ముప్పు ఎక్కువన్నదీ నిజమే. కానీ ప్రీమియం కొనిపెట్టింది తుఫాను రోజులను కాదు, 365 రోజుల రక్షణను. పాలసీలో అగ్ని ప్రమాదం కూడా ఉంటుంది, దానికి కాలంతో పని లేదు. ఏప్రిల్‌లో వైరింగ్ కాలినా అదే కంపెనీ, అదే పాలసీ. పైగా ఏ నెలకు ఎంత ముప్పు అని కంపెనీ ప్రీమియాన్ని విడగొట్టి ఇవ్వలేదు. మనం విడగొడితే అది ఊహ. అక్టోబరుకు 20,000 వేయాలా, 30,000 వేయాలా అని ముగ్గురు వాటాదారులు మూడు మాటలు చెబుతారు. రోజుల లెక్కకు ఆ తగువు లేదు, ఎవరు వేసినా అదే అంకె వస్తుంది.

ఇలాంటిదే ఇంకో వాదన రావచ్చు. రొయ్యల పట్టుబడి జోరుగా ఉన్న నెలల్లో ఐస్ బ్లాకులు ఎక్కువ పోతాయి, ఫ్యాక్టరీ సగం ఆగి ఉన్న నెలల్లో తక్కువ. బ్లాకుల లెక్కన బీమా పంచితే బాగుంటుంది కదా అని. అమ్మోనియా, కరెంటు, ఉప్పు అలా పోతాయి. బీమా అలా పోదు. కంప్రెసర్ ఆగి ఉన్న నెలలో కూడా భవనం కాలిపోవచ్చు, కంపెనీ అప్పుడూ ఇవ్వాల్సిందే. ఒక బ్లాకుకు ఎంత పడుతోందని ధర కట్టుకోవడానికి ఏడాది బీమాను ఏడాది బ్లాకులతో భాగించుకోవచ్చు. అది ధర లెక్క, దాన్ని ట్యాలీలోకి తేవద్దు.

రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రతి నెలాఖరున ప్రీపెయిడ్ లెడ్జర్ తెరిచి ఆఖరి నిల్వ చూడండి. పాలసీలో ఇంకా మిగిలిన రోజులను 200తో గుణించండి. రెండూ ఒకటి కావాలి. అక్టోబరు 31న మిగిలిన రోజులు 227, కాబట్టి నిల్వ 45,400 ఉండాలి. ఈ పని రెండు నిమిషాలే, కానీ దాదాపు ప్రతి తప్పునూ పట్టిస్తుంది. నిల్వ ఉండాల్సినదానికంటే సరిగ్గా ఒక నెల మొత్తం ఎక్కువ ఉంటే ఒక నెల జర్నల్ వేయడం మరిచిపోయారు. ఒక నెల మొత్తం తక్కువ ఉంటే ఒకే నెలకు రెండుసార్లు వేశారు. 200 తక్కువ ఉంటే ముప్పై రోజుల నెలకు ముప్పై ఒక రోజు వేశారు. పాత వోచర్‌ను `Alt+2`తో నకలు తీసి తేదీ మాత్రం మార్చి, అంకె మార్చడం మరిచిపోతే ఇదే జరుగుతుంది. క్రెడిట్ వైపు నిల్వ చూపిస్తే మాత్రం కట్టినదానికన్నా ఎక్కువ ఖర్చు తీసేశారు, వెంటనే ఆపి వెనక్కి చూడండి.

ఈ పరీక్ష పని చేయాలంటే ఒక్కో పాలసీకి ఒక్కో లెడ్జర్ ఉండాలి. ఫ్యాక్టరీది, వ్యానుది, యంత్రాల బ్రేక్‌డౌన్‌ది అన్నీ ఒకే ఖాతాలో పోస్తే ఏది ఎంత మిగిలిందో తెలియదు. పాలసీ గడువు అయిపోయి ఆరు నెలలైనా పాత బాకీలా కొంత మిగిలిపోయి ఉండటం చాలా పుస్తకాల్లో కనపడుతుంది. గడువు ముగిసిన పాలసీ తాలూకు ప్రీపెయిడ్ ఆస్తి కాదు, రాయడం మరిచిపోయిన ఖర్చు. రెన్యువల్‌కు కొత్త లెడ్జర్ తెరిచి, పేరులోనే గడువు తేదీ పెట్టుకోండి. పాతది జూన్ 15న సున్నా అయిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

మధ్యలో పాలసీ మారితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. డిసెంబరు 1న కొత్త కంప్రెసర్ పెట్టి, దాన్ని పాలసీలో చేర్పించారనుకోండి. ఎండార్స్‌మెంట్ ఇచ్చి, జీఎస్టీ కాక 7,880 అదనపు ప్రీమియం తీసుకున్నారు. ఇది ఏడాదికి కాదు, జూన్ 15 వరకు మిగిలిన 197 రోజులకే. రోజుకు 40. డిసెంబరు నుంచి మీ రోజువారీ ఖర్చు 240 అవుతుంది, మార్చి 31 నిల్వ 15,200కు బదులు 18,240 అవుతుంది. దీన్ని పన్నెండు నెలలకు పంచితే పాలసీ అయిపోయాక కూడా ప్రీపెయిడ్ మిగులుతుంది. అలాగే పాలసీ మధ్యలో రద్దు చేస్తే ఆ రోజున మిగిలిన నిల్వనూ, కంపెనీ తిరిగి ఇచ్చేదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. 33,200 నిల్వ ఉన్న రోజున 25,000 తిరిగి వస్తే మిగతా 8,200 ఆ నెల ఖర్చే, దాచిపెట్టడానికి ఏమీ మిగలలేదు.

ఆ 33,200 ఊరికే తీసుకున్న అంకె కాదు. డిసెంబరు 31న మీ ప్రీపెయిడ్‌లో ఉండాల్సిన నిల్వ అదే, 166 రోజులది. మీ ముగ్గురిలో ఒకరు ఆ రోజున తప్పుకుంటారనుకోండి. మొత్తం జూన్‌లోనే ఖర్చు రాసిన పుస్తకాల ప్రకారం ఆయన వాటా తేలిస్తే, తాను లేని రోజుల బీమాను కూడా ఆయనే మోసినట్టు అవుతుంది. మూడో వంతు అంటే 11,067 రూపాయలు ఆయనకు రావాల్సింది రాకుండా పోతుంది. ఆయన వెళ్లాక మిగిలిన ఇద్దరికీ ఆ రక్షణ ఉచితంగా దొరుకుతుంది. కుటుంబంలో వాటాలు తేల్చుకునేటప్పుడు మనసులు విరిగేది ఇలాంటి చోటే. ప్రీపెయిడ్ నెలనెలా రాసి ఉంటే ఆ రోజు ఎవరూ వాదించాల్సిన పని ఉండదు.

మార్చి 31 దగ్గర ఒక జాగ్రత్త. చాలా చిన్న సంస్థల్లో కట్టిన రోజే మొత్తం ఖర్చులో రాసి, ఏడాది ఆఖరున మిగిలిన రోజుల మొత్తాన్ని మాత్రం ఒకే జర్నల్‌తో ఖర్చులోంచి ప్రీపెయిడ్‌లోకి తెస్తారు. మళ్లీ ఏప్రిల్ 1న దాన్ని తిరగేసి ఖర్చులో వేస్తారు. ఏడాది మొత్తానికి రెండు పద్ధతుల్లోనూ అదే ఖర్చు వస్తుంది. నెలల లెక్క అక్కర్లేని చోట ఆ పద్ధతి చాలు, మీకు చాలదు. ప్రమాదం ఎక్కడంటే, మీరు నెలనెలా రాస్తున్న సంగతి తెలియక ఆడిటర్ గారి ఆఫీసులో కుర్రాడు అలవాటుగా ఆ మార్చి జర్నల్ కూడా వేసేస్తాడు. ప్రీపెయిడ్ 15,200కు బదులు 30,400 అవుతుంది, ఏడాది ఖర్చు 15,200 తగ్గిపోతుంది, లాభం అంత పెరిగి కనపడుతుంది. పుస్తకాలు ఇచ్చేటప్పుడే ‘బీమా నెలనెలా తీశాం, మార్చి సర్దుబాటు అక్కర్లేదు’ అని ఒక కాగితం మీద రాసి, మిగిలిన 76 రోజుల లెక్కతో సహా జత చేయండి.

ఆ తర్వాతి సంవత్సరంలో పాత 15,200, కొత్త పాలసీలో 289 రోజులు కలిసి ఏడాది ఖర్చు అవుతుంది. కొత్త ప్రీమియం 80,300 అయితే రోజుకు 220, 289 రోజులకు 63,580, మొత్తం 78,780. రెన్యువల్ ఆలస్యమై పాత, కొత్త పాలసీల మధ్య నాలుగు రోజులు ఖాళీ వస్తే ఆ నాలుగు రోజులకు ఖర్చు వేయకూడదు, రక్షణే లేదు కాబట్టి. లెక్కలో అలాంటి ఖాళీ కనపడితే వాటాదారులకు వెంటనే చెప్పండి, అది పుస్తకాల సమస్య కన్నా పెద్దది. 2027 జూన్‌లో మొదలయ్యే పాలసీలో 2028 ఫిబ్రవరి 29 వస్తుంది, అప్పుడు 366తో భాగించాలి.

ఇదే పద్ధతి జనరేటర్ వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టుకూ, వ్యాను బీమాకూ, ఒకేసారి కొన్నేళ్లకు కట్టిన లైసెన్సు ఫీజుకూ వర్తిస్తుంది. కొన్నేళ్ల ఫీజు అయితే మార్చి 31 తర్వాత పన్నెండు నెలలు దాటి ఉన్న భాగాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి, పట్టీ తయారుచేసేటప్పుడు ఆడిటర్ గారు అడుగుతారు. కరెంటు కనెక్షన్‌కు కట్టిన డిపాజిట్‌నూ, గోదాముకు ఇచ్చిన అడ్వాన్సునూ మాత్రం ఇందులోకి తేవద్దు. అవి తిరిగొచ్చే డబ్బు, కాలంతో తరిగేవి కావు. అవి డిపాజిట్లుగానే ఉంటాయి. ఆరు వందల ఫోన్ రీఛార్జిని కూడా పన్నెండు ముక్కలు చేయనక్కర్లేదు. రెండు వేలో మూడు వేలో ఒక హద్దు పెట్టుకుని, దాని లోపువి కట్టిన నెలలోనే రాసేయండి. ఆ హద్దు ఎంతన్నది ముగ్గురు వాటాదారుల సంతకాలతో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టండి.